గడ్డ మొదటికన్నా చిన్నగానే ఉంది, మరి ‘ప్రోగ్రెషన్’ అని ఎందుకు రాశారు?

క్యాన్సర్ వైద్యం మొదలైన రెండు మూడు నెలలకు స్కాన్ తీస్తారు. రిపోర్ట్ చేతికి రాగానే అందరి కళ్లూ చివరి పేజీలోని ‘ఇంప్రెషన్’ మీదికే వెళ్తాయి. అక్కడ పార్షియల్ రెస్పాన్స్ అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. స్టేబుల్ డిసీజ్ అని ఉంటే ‘అంటే మందు పనిచేయలేదా?’ అని టెన్షన్ పడతారు. ప్రోగ్రెసివ్ డిసీజ్ అని ఉంటే ఇక చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటలు డాక్టర్‌కు కలిగిన అభిప్రాయాలు కావు. ఒక స్కేలుతో కొలిచి, ఒక కూడిక చేసి, ఆ మొత్తాన్ని పాత మొత్తాలతో పోల్చి పెట్టే పేర్లు. ఆ లెక్క తెలిస్తే, పైకి పొంతన లేనట్టు కనిపించే రిపోర్టులు చాలావరకు అర్థమవుతాయి.

రోగుల బంధువులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ ప్రశ్నే: “మొదట 48 మిల్లీమీటర్లు ఉన్న గడ్డ ఇప్పుడు 40 ఉంది. మరి పెరిగిందని రాశారేంటి సార్?” రిపోర్ట్ తప్పు కాదు, ఆ ప్రశ్నా తప్పు కాదు. తగ్గుదలను ఒక చోటు నుంచి, పెరుగుదలను ఇంకో చోటు నుంచి లెక్కిస్తారన్న సంగతి ఎవరూ విడమరిచి చెప్పకపోవడంతోనే చిక్కంతా.

గట్టి గడ్డలుగా పెరిగే క్యాన్సర్లకు, అంటే ఊపిరితిత్తి, రొమ్ము, పెద్దపేగు లాంటివాటికి, ఎక్కువగా వాడే కొలమానం పేరు రెసిస్ట్. ఇది 2000లో వచ్చింది, 2009లో సవరించారు. ఇప్పుడు వాడుకలో ఉన్నది ఆ సవరించిన రూపమే, దాన్ని రెసిస్ట్ 1.1 అంటారు. దానికి ముందు, 1979 నుంచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఉండేది. గడ్డ పొడవునూ వెడల్పునూ గుణించి, ఆ లబ్ధం సగానికి తగ్గితే ‘రెస్పాన్స్’ అనేవారు.

సగమే ఎందుకంటే దాని వెనక ఒక చిన్న ప్రయోగం ఉంది. 1976లో మోర్టెల్, హాన్లీ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు పరుపు మీద 12 గట్టి బంతులు పెట్టి, పైన ఫోమ్ కప్పారు. అనుభవం ఉన్న 16 మంది క్యాన్సర్ డాక్టర్లను పిలిచి చేత్తో తడిమి కొలవమన్నారు. సీటీ స్కాన్లు అందరికీ అందుబాటులో లేని రోజులవి, కడుపులో గడ్డను చేత్తోనే అంచనా వేసేవారు. బంతులు మారవు కదా, అయినా కొలతలు మారిపోయాయి. పావు వంతు తగ్గితే రెస్పాన్స్ అనుకుంటే, ఏమీ మారకపోయినా ‘తగ్గింది’ అని పొరపడటం చాలా ఎక్కువగా జరిగింది. గీతను సగం దగ్గర గీస్తే ఆ పొరపాటు బాగా తగ్గింది. అంటే ఈ గీతలు రోగికి ఎంత మేలు జరిగితే మేలు జరిగినట్టు అన్న ఆలోచనలోంచి పుట్టినవి కావు. చెయ్యి ఎంత తప్పు కొలుస్తుందో చూసి గీసినవి. రిపోర్ట్ చదివేటప్పుడు ఇది గుర్తుంటే చాలా ఆందోళన తగ్గుతుంది.

రెసిస్ట్ వచ్చాక రెండు కొలతలు గుణించడం మానేసి, ఒక్క అడ్డుకొలతే తీసుకోవడం మొదలుపెట్టారు. పొడవు వెడల్పుల లబ్ధం సగమైతే అడ్డుకొలత దాదాపు 30 శాతం తగ్గినట్టు. అలా పాత ‘సగం’ కొత్త ‘30 శాతం’ అయింది. ముప్పై శాతమేనా అని చప్పరించేయకండి. లడ్డూ అడ్డుకొలత 30 శాతం తగ్గిందంటే అందులో పిండి మూడో వంతే మిగిలిందన్నమాట. గడ్డలో అయినా అంతే, పరిమాణం 65 శాతం పోయినట్టు. అలాగే అడ్డుకొలత 20 శాతం పెరిగితే పరిమాణం 70 శాతానికి పైగా పెరిగినట్టు.

కొలిచేదేమిటి?

ఒంట్లో కనిపించే ప్రతి మచ్చనూ కొలవరు. మొదటి స్కాన్‌లో, అంటే బేస్‌లైన్ స్కాన్‌లో, కొలవడానికి వీలైనవాటిని కొన్ని ఎంచుకుంటారు. వాటిని టార్గెట్ గడ్డలంటారు. మొత్తం అయిదు దాటకూడదు, ఒక అవయవంలో రెండు దాటకూడదు. ఒక్కోటీ కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. సీటీ స్కాన్ ఒంటిని పొరలు పొరలుగా కోసి చూపిస్తుంది. పొర మందం 5 మిల్లీమీటర్లయితే 6 మిల్లీమీటర్ల మచ్చ ఒకే పొరలో పడి మళ్లీ దొరక్కపోవచ్చు, అందుకే ఆ 10 నియమం.

లింఫ్ గ్రంథుల లెక్క వేరు. అవి ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి, చిక్కుడుగింజ ఆకారంలో ఉంటాయి కాబట్టి పొడవు కొలిస్తే మోసపోతాం. అందుకని వాటి అడ్డు వెడల్పు, అంటే పొట్టి కొలతనే తీసుకుంటారు. 15 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే టార్గెట్‌గా పనికొస్తుంది. 10 కన్నా తక్కువైతే మామూలు గ్రంథి కిందే లెక్క. రిపోర్ట్‌లో ‘31 x 22’ అని ఉంటే కూడికలోకి వచ్చేది 22 మాత్రమే.

మిగతా గడ్డలకూ ఇలాంటి చిక్కే ఉంది. రిపోర్ట్‌లో తరచు ‘48 x 39 x 52’ అని మూడు అంకెలుంటాయి. ఆ 52 పైనుంచి కిందికి ఉన్న ఎత్తు. రెసిస్ట్ మామూలుగా అడ్డంగా కోసిన చిత్రంలో అతి పొడవైన గీతను తీసుకుంటుంది, అంటే 48. ఒక రిపోర్ట్‌లోని 52నూ తర్వాతి రిపోర్ట్‌లోని 48నీ పక్కపక్కన పెట్టుకుని ‘తగ్గింది’ అని సంబరపడినవాళ్లను చూశాను. తగ్గిందేమీ లేదు, కొలిచిన దిక్కు మారింది.

టార్గెట్‌లోకి రానివన్నీ నాన్‌-టార్గెట్. చిన్న చిన్న మచ్చలు, ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు, ఎముకలోకి పాకిన క్యాన్సర్ ఇందులోకి వస్తాయి. వీటికి అంకెలుండవు. ‘మాయమయ్యాయి’, ‘ఉన్నాయి’, ‘స్పష్టంగా పెరిగాయి’ అని మూడు మాటల్లో ఏదో ఒకటి అంటారు.

ఒక కేసులో నడిచి చూద్దాం

లెక్క అర్థం కావడానికి ఒక కేసును అల్లుతున్నాను. ఇలాంటివి ఆంకాలజీ ఓపీలో రోజూ కనిపించేవే. 58 ఏళ్ల మనిషి, ఊపిరితిత్తి క్యాన్సర్, లివర్‌కు పాకింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో 48 మిల్లీమీటర్ల గడ్డ. శ్వాసనాళం రెండుగా చీలేచోట ఒక లింఫ్ గ్రంథి, పొట్టి కొలత 22. లివర్‌లో అయిదు మచ్చలున్నా, పెద్దవి రెండే తీసుకోవాలి కాబట్టి 26, 18. నాలుగూ కూడితే 114. మిగిలిన మూడు లివర్ మచ్చలు, ఊపిరితిత్తిలో రెండు చిన్న గింజల్లాంటివి, కొంచెం నీరు, వెన్నుపూసలో ఒక మచ్చ నాన్‌-టార్గెట్‌లోకి వెళ్లాయి.

| స్కాన్ | ఊపిరితిత్తి | గ్రంథి | లివర్ 1 | లివర్ 2 | మొత్తం (మి.మీ.) |
|---|---|---|---|---|---|
| బేస్‌లైన్ | 48 | 22 | 26 | 18 | 114 |
| ఒకటి | 40 | 16 | 22 | 14 | 92 |
| రెండు | 32 | 11 | 17 | 10 | 70 |
| మూడు | 30 | 9 | 15 | 8 | 62 |
| నాలుగు | 36 | 10 | 17 | 10 | 73 |
| అయిదు | 40 | 11 | 19 | 12 | 82 |

వైద్యం మొదలయ్యాక తీసిన మొదటి స్కాన్‌లో అన్నీ తగ్గాయి. మొత్తం 114 నుంచి 92కు వచ్చింది, 19 శాతం తగ్గుదల. 30 శాతం గీత దాటలేదు కాబట్టి పేరు స్టేబుల్ డిసీజ్. ఇంట్లోవాళ్లకు ఇది ‘ఎక్కడిదక్కడే ఉంది’ అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి గడ్డలు కరుగుతున్నాయి, ఇంకా గీత దాటలేదంతే. స్టేబుల్ అనే పేరు చాలా వెడల్పైన గది. ఒక చివర 29 శాతం తగ్గినవాళ్లుంటారు, ఇంకో చివర 19 శాతం పెరిగినవాళ్లుంటారు. ఇద్దరి రిపోర్ట్‌లోనూ అదే మాట. అందుకే స్టేబుల్ అని చూసినప్పుడు ఆ పక్కనున్న అంకె ఎటు మొగ్గుతోందో చూడాలి. దగ్గు తగ్గిందా, తిండి తింటున్నారా, బరువు నిలబడిందా అన్నది కూడా అంతే ముఖ్యం. ముదిరిన ఊపిరితిత్తి క్యాన్సర్‌లో మందు వాడుతుండగా నెలల తరబడి స్టేబుల్‌గా ఉండటాన్ని ఆంకాలజిస్టులు మంచి ఫలితంగానే చూస్తారు.

రెండో స్కాన్‌లో 70. బేస్‌లైన్‌తో పోలిస్తే 38 శాతానికి పైగా తగ్గింది. ఇది పార్షియల్ రెస్పాన్స్. మూడో స్కాన్‌లో 62, ఇంకా తగ్గింది, పేరు మాత్రం అదే. ఇక్కడ గ్రంథి 9కి వచ్చింది, అంటే అది మామూలు గ్రంథి అయిపోయింది. అయినా కొలుస్తూనే ఉంటారు, కూడికలో వేస్తూనే ఉంటారు. అన్ని గడ్డలూ పోయి, గ్రంథులన్నీ 10 లోపు వచ్చి, నాన్‌-టార్గెట్‌లో కూడా ఏమీ మిగలకపోతే దాన్ని కంప్లీట్ రెస్పాన్స్ అంటారు. మనవాళ్లు దీన్ని ‘పూర్తిగా నయమైంది’ అని అనువదించుకుంటారు. స్కాన్‌లో కనిపించడం లేదని మాత్రమే దాని అర్థం. ఒక సెంటీమీటర్ గడ్డలోనే పది కోట్ల నుంచి వంద కోట్ల వరకు కణాలుంటాయని అంచనా. అంతకన్నా బాగా చిన్నవి సీటీకి అందవు.

ఈ 62 అన్న అంకెను గుర్తుపెట్టుకోండి. ఇది ఇప్పటిదాకా వచ్చినవాటిలో అతి తక్కువ మొత్తం. దీన్ని నేడిర్ అంటారు. ఇక్కడి నుంచి కొలబద్ద చోటు మారుతుంది.

నాలుగో స్కాన్‌లో మొత్తం 73. బేస్‌లైన్‌తో పోలిస్తే ఇప్పటికీ 36 శాతం తక్కువే. కానీ పెరుగుదలను బేస్‌లైన్ నుంచి చూడరు, నేడిర్ నుంచి చూస్తారు. 62 నుంచి 73కు 11 మిల్లీమీటర్లు, 17.7 శాతం పెరిగింది. ప్రోగ్రెషన్ అనాలంటే నేడిర్ మీద కనీసం 20 శాతం, దాంతోపాటు కనీసం 5 మిల్లీమీటర్లు పెరగాలి. 62 మీద 20 శాతం అంటే 74.4. మొత్తం 73 కాబట్టి ఇంకా గీత దాటలేదు. కాగితం మీద ఇది పార్షియల్ రెస్పాన్సే.

ఆ 5 మిల్లీమీటర్ల షరతు 2009 సవరణలో చేర్చారు. ఎందుకో సులువుగానే అర్థమవుతుంది. ఎవరికైనా ఒకే గడ్డ 10 మిల్లీమీటర్లు మిగిలి, తర్వాతి స్కాన్‌లో 12 వచ్చిందనుకోండి. శాతంలో 20 పెరిగినట్టే, కానీ 2 మిల్లీమీటర్లు స్క్రీన్ మీద గీత గీసేవాళ్ల చేతి తేడాకే సరిపోతాయి. దానికోసం మందు మార్చేయకూడదు కదా.

అయిదో స్కాన్‌లో 82. నేడిర్ మీద 20 మిల్లీమీటర్లు, 32 శాతం పెరిగింది. ఇది ప్రోగ్రెసివ్ డిసీజ్. ఊపిరితిత్తి గడ్డ 40, మొదట 48. మొత్తం 82, మొదట 114. అంటే మొదలుపెట్టినప్పటికన్నా 28 శాతం చిన్నగానే ఉంది, అయినా ప్రోగ్రెషనే. పై ప్రశ్న పుట్టేది సరిగ్గా ఇక్కడే.

ఇలా ఎందుకు పెట్టారంటే, మందుకు లొంగే కణాలు చచ్చిపోయి, లొంగనివి మిగిలి, అవి పెరగడం మొదలుపెట్టాయన్న సంకేతం అడుగు నుంచి పైకి లేవడంలోనే కనిపిస్తుంది. బేస్‌లైన్ దాటేదాకా ఆగితే, పనిచేయని మందునే ఇంకొన్ని నెలలు ఎక్కిస్తూ, దాని దుష్ఫలితాలన్నీ భరిస్తూ, లాభం మాత్రం లేకుండా గడిచిపోతుంది.

పక్క స్కాన్‌తో పోలిస్తే వచ్చే మోసం

అదే పట్టికను ఇంకోలా చూడండి. అయిదో స్కాన్‌ను దాని ముందున్న నాలుగో స్కాన్‌తోనే పోలిస్తే 73 నుంచి 82, పెరుగుదల 12 శాతం. నాలుగోదాన్ని మూడోదాంతో పోలిస్తే 17.7 శాతం. రెండుసార్లూ 20 లోపే. ‘క్రితం స్కాన్‌తో పోలిస్తే పెద్ద మార్పు లేదు’ అని రెండు రిపోర్టులూ నిజాయితీగానే రాసుకోవచ్చు. ఆ నిజాయితీ గల రెండు వాక్యాల మధ్యలోంచి జబ్బు 32 శాతం పెరిగి బయటపడుతుంది.

ఇది మన దగ్గర ఎక్కువగా జరగడానికి కారణాలు చాలా మామూలువి. బేస్‌లైన్ స్కాన్ గుంటూరులోనో వరంగల్‌లోనో తీయించి ఉంటారు. మధ్యలో రెండు హైదరాబాద్‌లో జరుగుతాయి. ఆపైన ప్రయాణం కుదరక మళ్లీ ఊరికి దగ్గరలోని సెంటర్‌లో. ప్రతిచోటా రేడియాలజిస్ట్ వేరు. ఆయన ముందు ఉండేది రోగి తెచ్చిన ఒక్క పాత రిపోర్ట్, అదీ చివరిది. సీడీలు ఇంట్లో బీరువాలో ఉంటాయి. ఫిల్మ్ మీద కొలతలు సరిగ్గా తీయడం కుదరదు. పాత రిపోర్ట్‌లో ‘లివర్‌లో అనేక మచ్చలు, పెద్దది 26’ అని ఉంటే రెండో మచ్చ ఏదో, ఏ పొరలో ఉందో తెలిసే దారి లేదు.

ఇక కొలతలోనే ఉండే తేడా సంగతి. అమెరికాలో ఊపిరితిత్తి క్యాన్సర్ రోగులకు పావుగంట వ్యవధిలో రెండుసార్లు సీటీ తీసి కొలిచిన అధ్యయనం ఒకటి ఉంది. పావుగంటలో గడ్డ పెరగదు, తరగదు. అయినా సగానికి పైగా గడ్డల్లో ఒక మిల్లీమీటర్, కొన్నింట్లో రెండు మిల్లీమీటర్లకు మించి తేడా వచ్చింది. ఊపిరి పట్టిన తీరు మారినా, కోసిన పొర కాస్త జరిగినా చాలు. ఇప్పుడు మన నాలుగో స్కాన్ దగ్గరికి వెళ్లండి. మొత్తం 73, గీత 74.4. ఊపిరితిత్తి గడ్డను ఇంకో రేడియాలజిస్ట్ 36 బదులు 38 అని కొలిచి ఉంటే మొత్తం 75 అయ్యేది, ఆ రోజే ప్రోగ్రెషన్ అయ్యేది. అందుకే గీత పక్కన నిలబడిన రిపోర్ట్‌ను చూసి మంచి డాక్టర్ వెంటనే మందు మార్చడు, అలాగని నిశ్చింతగానూ ఉండడు. తర్వాతి స్కాన్‌ను కొంచెం ముందుకు జరుపుతాడు, రోగి ఎలా ఉన్నాడో అడుగుతాడు, పాత సీడీలన్నీ తెమ్మంటాడు.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ కూడా లెక్క మార్చేస్తుంది. లివర్ మచ్చలు ఆ కాంట్రాస్ట్ ఎక్కిన ఏ సెకనులో తీశారన్నదాన్ని బట్టి పెద్దవిగానో చిన్నవిగానో కనిపిస్తాయి. మధ్యలో క్రియాటినిన్ పెరిగి ఒకసారి కాంట్రాస్ట్ లేకుండా ప్లెయిన్ సీటీ తీశారనుకోండి, లివర్ మచ్చల అంచులే దొరకవు. ఆ స్కాన్‌లో ‘తగ్గాయి’ అన్నా, తర్వాతి కాంట్రాస్ట్ స్కాన్‌లో ‘పెరిగాయి’ అన్నా నమ్మడం కష్టం.

బేస్‌లైన్ విషయంలో ఇంకో పొరపాటు. వైద్యం మొదలయ్యే రోజుకు అది నాలుగు వారాల కన్నా పాతది కాకూడదన్నది నియమం. కానీ మొదట అనుమానంతో తీసిన సీటీ, తర్వాత బయాప్సీ, దాని రిపోర్ట్, జీన్ పరీక్షలు, అప్రూవల్... ఇవన్నీ అయ్యేసరికి రెండు నెలలు దొర్లిపోతాయి. గడ్డ ఈలోపు పెరుగుతూనే ఉంటుంది. కీమో మొదలైన రోజు 114 బదులు 135 ఉండి, రెండు సైకిళ్లకు 110కి తగ్గినా, పాత 114తో పోలిస్తే ‘ఏమీ మారలేదు’ అని వస్తుంది. పనిచేస్తున్న మందును పనిచేయనిదిగా చూపించే పొరపాటు ఇది.

అంకెలతో పనిలేని ప్రోగ్రెషన్

కొత్త గడ్డ కనిపిస్తే కూడిక ఎంత తగ్గినా ప్రోగ్రెషనే. మన కేసులో రెండో స్కాన్ రోజే, మొత్తం 70కి దిగిన రోజే, అడ్రినల్ గ్రంథిలో కొత్తగా 14 మిల్లీమీటర్ల గడ్డ వచ్చి ఉంటే పార్షియల్ రెస్పాన్స్ అన్న పేరు పోయేది. ఒకచోట తగ్గి ఇంకోచోట పెరగడాన్ని డాక్టర్లు ‘మిక్స్‌డ్ రెస్పాన్స్’ అని మాటల్లో అంటారు గానీ రెసిస్ట్‌లో అలాంటి గది లేదు.

ఇక్కడ రేడియాలజిస్ట్ జాగ్రత్త చాలా అవసరం. కొత్తగా కనిపించిందల్లా కొత్తది కాదు. ఎముక దీనికి మంచి ఉదాహరణ. క్యాన్సర్ తిన్న ఎముక మందుకు లొంగి మానుతున్నప్పుడు అక్కడ సున్నం పేరుకుని సీటీలో తెల్లగా మెరుస్తుంది. మొదటి స్కాన్‌లో కంటికి ఆనని మచ్చ ఇప్పుడు తెల్లగా కనబడేసరికి కొత్త మచ్చ అనిపిస్తుంది. బోన్ స్కాన్‌లో కూడా వైద్యం మొదలైన తొలి నెలల్లో ఇలాగే మంట లేచినట్టు కనిపిస్తుంది, ఫ్లేర్ అంటారు. అందుకే మిగతా అన్నిచోట్లా తగ్గి, ఎముకలోనే ‘పెరిగితే’ ఆగి చూడమంటారు.

ఇమ్యునోథెరపీ వచ్చాక ఈ అనుమానం ఇంకా పెరిగింది. ఆ మందులు క్యాన్సర్‌ను నేరుగా చంపవు, మన రోగనిరోధక కణాలను దాని మీదికి ఉసిగొల్పుతాయి. ఆ కణాలు గడ్డలోకి గుంపుగా చేరితే గడ్డ కొన్నాళ్లు పెద్దదిగా కనిపించి తర్వాత తగ్గవచ్చు. దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. దీనికోసమే 2017లో ఐరెసిస్ట్ అనే సవరణ తెచ్చారు. మొదటిసారి గీత దాటితే దాన్ని ‘నిర్ధారణ కాని ప్రోగ్రెషన్’ అంటారు. రోగి నిలకడగా ఉంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీసి, అప్పటికీ పెరిగితేనే ప్రోగ్రెషన్ ఖాయం చేస్తారు.

అయితే ఒక మాట. ఈ సూడోప్రోగ్రెషన్ కబురు వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరుగుతుందో వార్డులో అంత కనిపించదు. పదిమందిలో ఒకరికి కూడా రాదు. ఇమ్యునోథెరపీలో గడ్డ పెరిగితే ఎక్కువసార్లు అది నిజంగా పెరగడమే. రోగి నీరసించిపోతూ, బరువు తగ్గుతూ, నొప్పి పెరుగుతూ ఉంటే ‘ఇది ఉత్తుత్తి పెరుగుదలేమో’ అని ఎదురుచూడటం ప్రమాదం. అదే మందు ఊపిరితిత్తిలో వాపు తెచ్చి మసక మచ్చలు కూడా చూపించగలదు. అది క్యాన్సర్ కాదు, మందు దుష్ఫలితం. దానికి చేయాల్సిన వైద్యం పూర్తిగా వేరు, మందు ఆపి స్టెరాయిడ్ ఇవ్వాల్సి రావచ్చు.

తిరగబడే సందర్భమూ ఉంది. కడుపులో వచ్చే జిస్ట్ అనే గడ్డకు ఇమాటినిబ్ మాత్ర ఇస్తే, గడ్డ సైజు అంతగా తగ్గకుండానే లోపల కణాలు చచ్చి నీళ్లగా మారిపోతాయి. స్కేలు పెడితే స్టేబుల్, లోపల చూస్తే గట్టి రెస్పాన్స్. అందుకని 2007లో చోయ్ పేరుతో వేరే కొలమానం వచ్చింది. సైజు 10 శాతం తగ్గినా, లేదా సీటీలో సాంద్రత 15 శాతం తగ్గినా రెస్పాన్స్ అంటారు. లింఫోమాలో కూడా మిగిలిపోయిన గడ్డ బతికుందా మచ్చగా మారిందా అన్నది సైజు చెప్పలేదు, అందుకే అక్కడ పెట్ స్కాన్‌లో అది ఎంత వెలుగుతోందో చూసి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మీ జబ్బుకు రెసిస్టే సరైన స్కేలా అని అడగడం తప్పేమీ కాదు.

పేరు మారితే మందు మారాల్సిందేనా?

రెసిస్ట్ పుట్టింది మందుల పరీక్షల కోసం. ఒక దేశంలో ఒక డాక్టర్ ‘తగ్గింది’ అన్నదీ, ఇంకో దేశంలో ఇంకొకరు ‘తగ్గింది’ అన్నదీ ఒకటే అయ్యేలా చూడటం దాని పని. ఓపీలో కూర్చున్న మనిషికి ఏ మందు ఇవ్వాలో అది చెప్పదు. అందుకే ఆ మాటకూ నిర్ణయానికీ మధ్య డాక్టర్ ఉంటాడు.

మన కేసులో అయిదో స్కాన్ దగ్గర నాలుగు గడ్డలూ కలిసే పెరిగాయి, అన్నిచోట్లా మందు పట్టు సడలింది. అక్కడ మందు మార్చడమే మామూలు దారి. అలా కాకుండా అన్నీ అణిగి ఉండి, ఒక్క లివర్ మచ్చే పెరిగి ఉంటే, అంతకుముందు దాకా బాగా పనిచేస్తున్న మాత్రను ఆపకుండా ఆ ఒక్కచోట రేడియేషన్ ఇచ్చే దారి కూడా డాక్టర్లు ఆలోచిస్తారు. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో జీన్ ఆధారంగా మాత్రలు వాడేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. రెండు రిపోర్టుల్లోనూ ప్రోగ్రెసివ్ డిసీజ్ అనే ఉంటుంది, చేసే పని మాత్రం వేరు.

కాబట్టి స్కాన్‌కు వెళ్లేటప్పుడు చివరి రిపోర్ట్ ఒక్కటే పట్టుకెళ్లడం చాలదు. బేస్‌లైన్ సీడీ, గడ్డలు అతి చిన్నగా ఉన్నప్పటి సీడీ, ఈ మందు మొదలైన తేదీ. ఈ మూడూ రేడియాలజిస్ట్ చేతిలో ఉంటే పక్క స్కాన్ మోసం చాలావరకు తప్పుతుంది. వీలైతే అదే సెంటర్, అదే కాంట్రాస్ట్ పద్ధతి. రిపోర్ట్ వచ్చాక డాక్టర్‌ను ‘తగ్గిందా, పెరిగిందా?’ అని కాకుండా ‘దేంతో పోల్చి అన్నారు?’ అని అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది.

మన రోగికి కొత్త మందు మొదలుపెట్టారనుకుందాం. ఆ క్షణం నుంచి పాత 114కూ 62కూ పనిలేదు. అయిదో స్కాన్ కొత్త మందుకు ముందు నాలుగు వారాల్లోపు తీసింది కాబట్టి అదే కొత్త బేస్‌లైన్. గ్రంథి ఇప్పుడు 11, అంటే 15 లోపే కాబట్టి టార్గెట్‌గా పనికిరాదు, నాన్‌-టార్గెట్‌లోకి వెళ్తుంది. మిగిలిన మూడూ కూడితే 71. అడ్రినల్‌లోనో మెదడులోనో కొత్త గడ్డ ఉంటే దాన్నీ కొలిచి ఇప్పుడు కూడికలోకి తెచ్చుకోవచ్చు. కొత్త గడ్డలేవీ లేకుండా తర్వాతి స్కాన్‌లో ఆ 71 కాస్తా 49కి దిగితే మళ్లీ పార్షియల్ రెస్పాన్స్. ఇంట్లోవాళ్ల ఫోన్లో మాత్రం 114 నుంచి రాసుకున్న పాత పట్టికే ఉంటుంది. రెండో పట్టికను 71తో కొత్త పేజీలో మొదలుపెట్టుకోమని డాక్టరో నర్సో ఆ రోజే చెప్పాలి.